నీళ్ల కలలు: ముందు ఆ కలలో మీ మనసు ఎలా ఉందో చూడండి

ప్రశ్న: రెండు నెలలుగా వారానికి రెండు మూడుసార్లు నీళ్ల కలలు వస్తున్నాయి. ఒకటి: అలలే లేని సముద్రం, ఒడ్డున ఒక్కణ్నే కూర్చుని ఉంటాను, భయం ఏమీ ఉండదు, కానీ లేచేసరికి కళ్లు తడిగా ఉంటాయి. రెండోది: ఇంట్లోకి వరద వస్తుంటుంది, నేను బీరువాలోంచి కాగితాలు తీసి సర్దుతుంటాను, మిగతావాళ్లు టీవీ చూస్తుంటారు, నాకు ఒళ్లు మండిపోతుంటుంది. మూడోది: మునిగిపోతుంటాను, ఊపిరాడదు, గుండె దడదడలాడుతూ లేస్తాను, టైము చూస్తే నాలుగున్నరో ఐదో అవుతుంది. నాకు 41 ఏళ్లు. నాన్నగారు పోయి ఏడు నెలలైంది. ఇంటి లోను నడుస్తోంది, పొలం పంపకం ఇంకా తెమలలేదు. గురక పెడతానని మా ఆవిడ అంటుంది. నీళ్లు కనిపిస్తే జబ్బు చేస్తుందని అమ్మ, ధనయోగమని నెట్లో. ఏది నమ్మమంటారు?

జవాబు:

ఆ రెండూ పక్కన పెట్టండి. మూడు కలల్లోనూ నీళ్లున్నాయి తప్ప మూడూ ఒక జాతివి కావు. మొదటిదాంట్లో ఉన్నది దిగులు, రెండోదాంట్లో కోపం, మూడోదాంట్లో ప్రాణభయం. జబ్బు అనే జాబితా, డబ్బు అనే జాబితా రెండూ నీళ్ల దగ్గరే ఆగిపోతాయి, నీళ్ల ముందు మీరెలా ఉన్నారో అడగవు. ఒకటి చెప్పినదానికి ఇంకోటి విరుద్ధంగా ఉండటానికి కారణం అదే.

మన ఇళ్లలో పారాయణ చేసే సుందరకాండలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 27వ సర్గలో త్రిజట తన కల చెబుతుంది. అందులో సీత తెల్లని బట్టలు కట్టుకుని, చుట్టూ సముద్రం ఉన్న తెల్లని కొండ మీద కూర్చుని ఉంటుంది. అదే కలలో లంక, గోపురాలూ తోరణాలూ విరిగి, సముద్రంలో పడిపోతుంది. సముద్రం ఒక్కటే. ఒకచోట అది ఆసరా, ఇంకోచోట వినాశం. విన్న రాక్షస స్త్రీలకు త్రిజట చెప్పే అర్థం సముద్రాన్ని బట్టి వచ్చింది కాదు, ఎవరు ఏ స్థితిలో కనిపించారన్నదాన్ని బట్టి వచ్చింది.

నిద్ర మీద పరిశోధన చేసినవాళ్లు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. బాగా గుర్తుండే కలలు ఎక్కువగా రెమ్ నిద్రలో వస్తాయి. కనుగుడ్లు రెప్పల కింద వేగంగా కదిలే ఈ దశను 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ గుర్తించారు. ఇది సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది. తొలిరాత్రి కొద్ది నిమిషాలే ఉండి, తెల్లవారే కొద్దీ పొడుగవుతుంది. తెల్లవారుజాము కలలకు మనవాళ్లు ఎక్కువ విలువ ఇవ్వడానికి బహుశా ఇదే కారణం: అప్పటి కలలే పొడుగ్గా, స్పష్టంగా ఉంటాయి, వాటి మధ్యలోనే మెలకువ వస్తుంది కాబట్టి గుర్తుంటాయి. ఈ దశలో మెదడులో భయాన్నీ ఉద్వేగాన్నీ చూసుకునే అమిగ్డలా బాగా చురుగ్గా ఉంటుంది. "ఇది నిజమా, కుదురుతుందా" అని నిలదీసే, నుదుటి వెనక ఉన్న మెదడు భాగం మాత్రం మందగిస్తుంది. అందుకే కలలో ఉద్వేగం అడ్డూ ఆపూ లేకుండా వస్తుంది, దాని పరిమాణానికి తగ్గ బొమ్మ ఒకటి తయారవుతుంది.

ఈ విషయాన్ని నీళ్ల కలతోనే చూపించినవాడు అమెరికన్ మనోవైద్యుడు ఎర్నెస్ట్ హార్ట్‌మన్. పెద్ద ప్రమాదాలనుంచి బయటపడ్డవాళ్ల కలలను ఆయన వరసగా సేకరించాడు. ఇల్లు తగలబడి బయటపడ్డవాళ్లకు మంటలే కలలోకి రావాలి కదా. కొన్నిసార్లు వచ్చేవి. కానీ "ఒడ్డున నిలబడి ఉన్నాను, కొండంత అల వచ్చి నన్ను లాక్కుపోయింది" అన్న కల కూడా వచ్చేది. వాళ్ల జీవితంలో నీళ్ల ప్రమాదం లేదు. ఉన్నదల్లా "నా చేతిలో ఏమీ లేదు" అన్న నిస్సహాయత, ఆ అల దాని బొమ్మ. కాబట్టి కలలో ఉప్పెన వచ్చిందంటే ఉప్పెన గురించే అనుకోనక్కర్లేదు.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఏ కలకైనా అర్థం ఇదేనని కొలిచి నిరూపించే పరికరం లేదు. నేను కింద రాసేవి మీరు మీ జీవితంతో పోల్చి చూసుకోవాల్సిన ఊహలు. సరిపోతే ఉంచుకోండి, సరిపోకపోతే వదిలేయండి. "నాకు తెలియకుండానే నాలో ఉండి ఉంటుంది" అని బలవంతాన అతికించుకోకండి.

ముందు మూడో కల తీసుకుంటాను, ఎందుకంటే దాని అర్థం వెతికేముందు శరీరాన్ని చూసుకోవాలి. గురక, తెల్లవారుజాము, ఊపిరాడక లేవడం: ఈ మూడూ కలిసినప్పుడు ముందు అడగాల్సింది స్లీప్ అప్నియా, అంటే నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం గురించి. రెమ్ నిద్రలో ఒంట్లో కండరాలన్నీ దాదాపు పట్టు వదిలేస్తాయి. కలలో పరిగెడుతున్నా మంచం మీద కాళ్లు కదలకపోవడానికి కారణం ఇదే. గొంతు కండరాలూ సడలుతాయి, పక్కటెముకల మధ్య కండరాలూ సడలుతాయి, ఊపిరి పనంతా ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, ఒక్క ఉదరవితానం మీద పడుతుంది. గురక పెట్టేవాళ్లకు గొంతు దారి ముందే ఇరుకు. రెమ్‌లో అది మూసుకుపోయే అవకాశం ఎక్కువ, ఆ రెమ్ ఎక్కువగా ఉండేది తెల్లవారుజామున. ఊపిరి ఆగిన ఆ కొద్ది క్షణాలకు కల మునిగిపోవడం అనే కథ అల్లి ఉండొచ్చు.

బయటి స్పర్శ కలలోకి దూరుతుందని 1958లోనే నిద్ర పరిశోధకులు డెమెంట్, వోల్పెర్ట్ పరీక్షించి చూపించారు. రెమ్ నిద్రలో ఉన్నవాళ్ల ఒంటి మీద నీళ్లు చిలకరించి లేపితే, 42 శాతం సందర్భాల్లో ఆ నీళ్లు ఏదో రూపంలో కలలో కనిపించాయి. ఏసీ చుక్కలు, వాన చప్పుడు, నిండిన మూత్రాశయం కూడా నీళ్లను తేగలవు. లేచిన వెంటనే బాత్రూముకు పరిగెత్తాల్సి వచ్చిన రోజుల్లోనే నీళ్ల కల వస్తోందేమో చూసుకోండి. అలాగైతే దానికి పెద్ద అర్థం వెతకనక్కర్లేదు.

అప్నియా సంగతి ఇంట్లోనే కొంత తేలుతుంది. రెండు మూడు రోజులు నాలుగుకి అలారం పెట్టుకుని మీ ఆవిడను ఓ పావుగంట గమనించమనండి, లేదా ఫోన్ దిండు పక్కన పెట్టి శబ్దం రికార్డు చేయండి. గట్టి గురక ఉన్నట్టుండి ఆగిపోయి, పది సెకన్లో అంతకన్నా ఎక్కువో నిశ్శబ్దం, ఆ తర్వాత ఉలిక్కిపడ్డట్టు ఒక పెద్ద ఊపిరి వినిపిస్తే అదే గుర్తు. పొద్దున లేచేసరికి నోరు ఎండిపోవడం, తలనొప్పి, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు, బీపీ, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటి ఉండటం అనుమానాన్ని పెంచుతాయి. ఇవి ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకో ఊపిరితిత్తుల డాక్టరుకో చూపించి నిద్ర పరీక్ష చేయించుకోండి. గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా బాగా తగ్గింది అన్నది అందులో లెక్కేస్తారు. 5 దాటితే స్వల్పం, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మధ్యస్థం, తీవ్రం అయినప్పుడు సాధారణంగా సీపాప్ అనే మాస్కు యంత్రం రాస్తారు. ఈలోగా వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి. మద్యం అలవాటుంటే రాత్రిపూట మానేయండి: అది గొంతు కండరాలను ఇంకా సడలిస్తుంది, పైగా తొలిరాత్రి రెమ్‌ను అణిచి తెల్లవారుజామున ఎక్కువగా తెస్తుంది. బీపీకి ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి గానీ, డిప్రెషన్ మాత్రలు గానీ ఈ మధ్య మొదలుపెట్టి ఉంటే కలలు ముదరడానికి అవీ కారణం కావొచ్చు. డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

మీ అమ్మగారి మాటను ఇక్కడే గుర్తుచేస్తాను. జలుబు మొదలవుతున్నప్పుడు మనకింకా తెలియకముందే రాత్రి ముక్కు బిగుస్తుంది, ఆ రాత్రి ఊపిరాడని కల రావొచ్చు, రెండోరోజుకి జలుబు బయటపడుతుంది. చూసినవాళ్లకు కల ముందు, జబ్బు తర్వాత. చరకసంహిత ఇంద్రియస్థానంలో కలలను ఏడు రకాలుగా చెప్పారు: చూసినది, విన్నది, అనుభవించినది, కోరుకున్నది, ఊహించినది, జరగబోయేది సూచించేది, వాతపిత్తకఫ దోషాల వల్ల వచ్చేది. మొదటి ఐదింటికీ ఫలం లేదని అక్కడే తేల్చేశారు. ఏడోదాన్ని శరీరానికి కట్టారు. సుశ్రుతుడైతే కఫప్రకృతివాడు కలలో తామరలూ హంసలూ ఉన్న అందమైన కొలనులు చూస్తాడని రాశాడు. అందులోనూ నీళ్లు జబ్బు కాదు, ఒంటి తత్వం. ధనయోగం సైట్లకన్నా ఈ పాత వర్గీకరణే ఆచితూచి మాట్లాడిందని నా అభిప్రాయం.

శరీరం పక్కన పెట్టాక, మునిగిపోవడంలో మనసు వైపు చూడాల్సింది ఏమిటి? భయం అని ఒక్క మాటతో సరిపెట్టుకోకండి, దాని పక్కన ఇంకేముందో చూడండి. అరుస్తున్నా ఎవరికీ వినపడకపోతే అది ఒంటరితనం, సాయం అడగలేకపోవడం. ఒడ్డున జనం నిలబడి చూస్తుంటే సిగ్గు, నలుగురిలో చిన్నబోతానన్న భయం. పిల్లనో తమ్ముడినో పట్టుకుని మునుగుతుంటే బాధ్యత. నీళ్లలోకి వెళ్లాక ఊపిరి తీయగలుగుతున్నానని ఆశ్చర్యపోతే, భయపడ్డ పరిస్థితికి అలవాటు పడుతున్నారని అనుకోవచ్చు. పెద్ద మార్పుల తర్వాత కలల తీరు ఇలా తిరగడం మంచిదే. ఒక్కటి మాత్రం జాగ్రత్తగా చూడాలి: మునుగుతూ "హమ్మయ్య, ఇక అయిపోయింది" అన్న ఊరట. చాలాసార్లు అది విపరీతమైన అలసట మాత్రమే. కానీ పగటిపూట కూడా లేకుండా పోతే బాగుండన్న ఆలోచన వస్తుంటే కల అర్థాలు ఆపేసి ఆ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పి డాక్టరును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

గుండెదడతో లేచినా కలలో ఏ బొమ్మా గుర్తులేకపోతే అది వేరే సంగతి. నిద్రలో వచ్చే పానిక్ దాడి మామూలుగా రెమ్ కాని నిద్రలోంచి, కల లేకుండానే లేపుతుంది. మీకు నీళ్లు గుర్తున్నాయి కాబట్టి దాని జోలికి పోవడం లేదు.

ఇప్పుడు వరద. నిజంగా వరద చూసినవాళ్లకూ చూడనివాళ్లకూ ఈ కల ఒకటి కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మేడల మీద రోజులు గడిపినవాళ్లు, 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు అక్కడున్నవాళ్లు, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసిన పెద్దలు ఉన్నారు. వాళ్లకు వరద కల వస్తే అది ప్రతీక కాదు, జ్ఞాపకం. అక్కడ చూడాల్సింది కల మారుతోందా లేదా అన్నదే. మొదట్లో అదే వీధి, అదే చీకటి, అదే వరస. రోజులు గడిచేకొద్దీ కొత్త మనుషులు చేరడం, చోటు మారడం, చివర వేరుగా ఉండటం మొదలైతే మనసు దాన్ని అరిగించుకుంటోందని అర్థం. నెల దాటినా అక్షరం మారకుండా అదే కల వస్తుంటే, వాన మొదలవగానే ఒణుకు, ఆ వీధి వైపు పోలేకపోవడం కూడా ఉంటే అది చికిత్స కావాల్సిన స్థితి. మీరు అలాంటి అనుభవం రాయలేదు కాబట్టి మీ వరద బొమ్మ అనే అనుకుంటున్నాను.

అందరూ పొరపాటు చేసేది ఇక్కడే. వరద భయంకరమైనది కాబట్టి కలలో భయం ఉండి తీరుతుందని అనేసుకుంటారు. మీరు భయమని రాయలేదు, ఒళ్లు మండిందని రాశారు. భయంతో వచ్చే వరద "ఇది నన్ను ముంచేస్తుంది" అంటుంది. కోపంతో వచ్చే వరద "ఇంత పని, ఒక్కణ్ని, మిగతావాళ్లకు పట్టదు" అంటుంది. అదే వరదలో మనసు మొద్దుబారి, నీళ్లు నడుముదాకా వచ్చినా ఏమీ అనిపించకపోతే, చాలాకాలంగా మోస్తున్న భారానికి స్పందించడం మానేశారేమో చూసుకోవాలి. ఉత్సాహం ఉంటే, మేడ మీద నిలబడి నీళ్లను వింతగా చూస్తుంటే, రాబోయే మార్పు మీకు ఇష్టమే కావొచ్చు. నీళ్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయా, గడప దాటి మెల్లగా ఎక్కుతున్నాయా అన్నదీ గమనించండి. మెల్లగా ఎక్కే నీళ్లు తరచు రోజూ కొంచెం పెరిగే పనికో అప్పుకో సరిపోతాయి.

మీ కలలో బీరువా కాగితాలు ఊరికే రాలేదనిపిస్తోంది. నాన్నగారు పోయిన ఇంట్లో ఏడు నెలలుగా కాగితాలే నడుస్తుంటాయి: మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు నామినీ, లోను. ఇవన్నీ మీరొక్కరే తిరుగుతున్నారా? అలాగైతే కలలో ఉన్న కోపం పగటిపూట ఎవరి దగ్గర, ఏ మాట దగ్గర వస్తుందో పట్టుకోండి. వెతికేటప్పుడు ముందురోజు ఒక్కటే చూస్తే చాలదు. పగటి సంగతులు కలలోకి ఆ రాత్రే రావొచ్చు, ఐదు నుంచి ఏడు రోజుల తర్వాత మళ్లీ తేలొచ్చు. ఆదివారం అన్నదమ్ముల మధ్య పంపకం మాట వచ్చి చప్పబడిపోతే, వరద శనివారం రావొచ్చు.

ఇంకో మాట. కలలో టీవీ చూస్తూ కూర్చున్నవాళ్లను మీ మనసే అలా కూర్చోబెట్టింది. అది వాళ్ల నిర్లక్ష్యానికి సాక్ష్యం కాదు. పొద్దున లేచి "కలలో కూడా మీరు కదల్లేదు" అని ఇంట్లో గొడవపడినవాళ్లు ఉన్నారు. మీ కోపం నిజం, వాళ్ల తప్పు వేరే తేలాల్సిన విషయం.

ఇక ప్రశాంతమైన సముద్రం. జాబితాలన్నీ దీన్ని శాంతి, శుభం అని రాస్తాయి. శాంతి అయితే కళ్లు తడిగా ఎందుకు లేస్తారు? కలలో ఉన్న భావానికీ లేచాక ఉన్న భావానికీ తేడా ఉంటే రెండూ రాసుకోండి, రెండోదాన్ని తీసిపారేయకండి. ఆ తర్వాత కల ఏ వివరం మార్చిందో చూడండి. మంగినపూడిలోనో సూర్యలంకలోనో విశాఖలోనో నిలబడితే, మన ఒడ్డున అల విరగకుండా ఉండే రోజు దాదాపు కనిపించదు. మీరు చూసిన సముద్రంలో అలే లేదు. ఎప్పుడూ చప్పుడు చేసేది చప్పుడు ఆపేసింది. ఇంట్లో ఒక గొంతు ఆగిపోయిన ఏడో నెలలో ఈ బొమ్మ నిశ్శబ్దం గురించేమో ఆలోచించండి.

నాన్నగారి అస్థికలు ఎక్కడ కలిపారో మీరు రాయలేదు. సముద్రంలోనో నదీసంగమం దగ్గరో అయితే ఆ ఒడ్డు ఎక్కణ్నించి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. కాకపోయినా, నెలనెలా మాసికం, తర్పణం నీళ్లతోనే జరుగుతాయి. మన దగ్గర పోయినవాళ్లకూ నీళ్లకూ ఉన్న ఈ సంబంధం వేరే దేశంలో రాసిన కలల నిఘంటువులో ఉండదు. అర్థం కోసం మీ సొంత జ్ఞాపకాలను ముందు అడగమనేది ఇందుకే.

అదే అలల్లేని సముద్రం ఇంకొకరికి విసుగుతో వస్తే, ఏదీ కదలని ఉద్యోగమో కాపురమో గురించి కావొచ్చు. ఏదో జరగబోతోందన్న గుబులుతో వస్తే, ఇంట్లో అందరూ మాట్లాడకుండా దాటేస్తున్న సంగతి కావొచ్చు. నిజంగా హాయిగా ఉండి, లేచాక కూడా ఆ హాయి గంటసేపు నిలిస్తే అది హాయే, తవ్వకండి.

రాసుకునే పద్ధతి చిన్నదే గానీ వరస తప్పితే పాడవుతుంది. మెలకువ రాగానే కదలకండి, అదే పక్కన పడుకుని చివరి బొమ్మనుంచి వెనక్కి గుర్తుచేసుకోండి. ఫోన్ తెరిచి మెసేజీ చూశారంటే కల పోయినట్టే. దిండు పక్కన పుస్తకం పెట్టుకుని మొదటి లైనులో భావం ఒక్క మాటలో రాసి, దానికి 0 నుంచి 3 దాకా బలం వేయండి. రెండో లైనులో నీళ్లు: ఎక్కడ, ఎంత, తేటగానా బురదగానా, కదులుతున్నాయా. మూడో లైనులో మీరేం చేస్తున్నారు, పక్కన ఎవరు. నాలుగోదాంట్లో లేచాక ఒళ్లు ఎలా ఉంది: నోరు ఎండిందా, మూత్రం వచ్చిందా, కన్నీళ్లా. మీ రెండో కల ఇలా ఉంటుంది: "కోపం, 2. గదిలో మోకాలి లోతు, బురద, మెల్లగా ఎక్కుతోంది. కాగితాలు సర్దుతున్నాను, అందరూ టీవీ ముందు. దవడలు బిగుసుకున్నాయి." లోతూ బురదా దవడా నేను ఊహించినవి, మీవి మీరు నింపుకోండి. నీళ్లు ముందు రాస్తే భావం నీళ్లకు తగ్గట్టు మారిపోతుంది. వరద అని రాసిన చెయ్యి వెంటనే భయం అని రాసేస్తుంది. అందుకే భావం పైన. ఇలా ఆరేడు కలలు రాశాకే కలిపి చదవండి, ఒక్క కల మీద ఏ నిర్ణయమూ కట్టకండి.

కోపపు వరద తరచు వచ్చి నిద్ర చెడగొడుతుంటే కల తిరగరాసే సాధన ఉంది. పీడకలలకు దీన్ని బ్యారీ క్రేకావ్ బృందం పరీక్షించి 2001లో ప్రచురించింది. లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడుతున్న 168 మంది మహిళలతో చేసిన ఆ అధ్యయనంలో, సాధన చేసినవాళ్లకు పీడకలలు తగ్గాయి. చేయాల్సింది ఇది. పగటిపూట కూర్చుని కలను క్లుప్తంగా రాయండి, ఆపైన మీకు నచ్చినట్టు మార్చండి. మార్పు గొప్పగా ఉండక్కర్లేదు: నీళ్లు రాకుండా ఆపేసే బదులు, తమ్ముడు టీవీ ఆపి వచ్చి బీరువా రెండోవైపు పట్టుకున్నాడని రాసుకోవచ్చు. ఆ కొత్త కలను కళ్లు మూసుకుని రోజుకు పది పదిహేను నిమిషాలు బొమ్మగా చూడండి. పాత కలను మళ్లీ మళ్లీ చూసుకోవడం సాధన కాదు, అదే ఎక్కువమంది చేసే తప్పు. పడుకోబోయే ముందు కాకుండా సాయంత్రంలోపు చేయండి. వారానికి ఒకటి, మహా అయితే రెండు కలలు చాలు. అన్నిటికన్నా భయంకరమైనదానితో మొదలుపెట్టకండి. మూడు నాలుగు వారాలకు కలల సంఖ్యగానీ ఆ 0–3 బలంగానీ తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలిసి ఆయన దగ్గరే చేయండి. మునిగే కలకు ఈ సాధన నిద్ర పరీక్ష సంగతి తేలాకే. గొంతు దారి మూసుకుపోతుంటే బొమ్మ మార్చినా ఊపిరి రాదు.

సముద్రం కలకు మాత్రం దీన్ని వాడకండి. అది పీడకల కాదు. మాసికం వచ్చే వారంలో, సంవత్సరీకం దగ్గరపడుతున్నప్పుడు అది ఎక్కువ కావొచ్చు, కాబట్టి కల తేదీ పక్కన తిథి కూడా రాసి పెట్టుకోండి. ఆ రోజుల్లో కళ్లు తడిగా లేస్తే మంచం మీద ఇంకో ఐదు నిమిషాలు ఉండి, తర్వాత లేవండి.